రెండేళ్లు వాడాక: పిచర్ పాస్, థర్మామీటర్ ఫెయిల్

కాఫీ షాపులో చేరిన కొత్తలో పాలకి ఆవిరితో నురగ కట్టించే ఈ 350 మి.లీ. స్టీల్ పిచర్, దానికి తగిలించే డయల్ థర్మామీటర్ కలిపి కొన్నాను. రెండేళ్లలో పిచర్‌కి రెండు సొట్టలు పడ్డాయి గానీ మూతి వంకర పోలేదు. థర్మామీటరే మొదటి నెలంతా నన్ను ముంచింది.

కాఫీ మెషిన్ ఆవిరి గొట్టంతో పాలు వేడిచేస్తూ, ముల్లు 65 డిగ్రీలు చూపించాక ఆవిరి కట్టేసేవాణ్ణి. కప్పులో చూస్తే ఉడికిన పాల వాసన, పైన అట్టలాంటి నురగ. సంగతేమిటంటే ఈ ముల్లు నిదానం. అది 65 దగ్గరికి వచ్చేసరికి పాలు 70 దాటిపోతున్నాయి. ఆ వేడికి పాలలోని ప్రోటీన్ దెబ్బతిని ఉడికిన వాసన వస్తుంది, దాంతో తీపి తెలియదు, నురగ గట్టిపడి విడిపోతుంది. ముల్లు 55 దాటగానే కట్టడం మొదలుపెట్టాక పాలు 60 చుట్టూ ఆగాయి. ఇప్పుడైతే పిచర్ పక్కన పెట్టిన అరచెయ్యే చెబుతుంది: ఇక పట్టుకోలేననిపించిన క్షణమే కట్టెయ్యాలి. పిచర్ రేకు పలచన కాబట్టి వేడి వెంటనే చేతికి తెలుస్తుంది.

నురగ సంగతి చెవితో తెలుసుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పిచర్ మూతి మొదలయ్యే చోటికి కాస్త కిందివరకు పోస్తాను. ముందు గొట్టంలోని నీళ్లు ఒకసారి వదిలి, కొనని పాల పైభాగం కింద కొంచెమే ముంచుతాను. కాగితం చింపినట్టు చిన్నగా 'చ్స్ చ్స్' వినిపిస్తే గాలి సరిగ్గా వెళ్తున్నట్టు. గుడగుడమంటూ పెద్ద బుడగలు లేస్తే కొన మరీ పైకొచ్చింది, కీచుమంటే అసలు గాలే అందట్లేదు. లాటేకి ఆ శబ్దం మూడు నాలుగు సెకన్లు చాలు, కపుచినోకి దానికి రెట్టింపు. పిచర్ ఒళ్లు గోరువెచ్చగా అయ్యేలోపే గాలి ఎక్కించడం ఆపాలి. ఆ తర్వాత కొనని కాస్త లోపలికి దించి, పక్కకి జరిపి పాలు సుడి తిరిగేలా పట్టుకోవాలి. ఆ సుడే బుడగల్ని నలిపేస్తుంది. అయ్యాక చూస్తే తడి పెయింట్‌లా మెరవాలి. గొట్టాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవండి, ఎండితే గోకాల్సిందే.

పాలు ఫుల్‌క్రీమే నాకు నచ్చాయి, రుచి చిక్కగా ఉంటుంది. టోన్డ్ పాలకీ నురగ బాగానే వస్తుంది. ఇంట్లో కాచి చల్లార్చిన పాలైతే మీగడ తరకలు అడ్డొస్తాయి, వడకట్టాలి.

పోయడంలో కొత్తవాళ్లందరిదీ ఒకటే తప్పు, నాదీ అదే: భయపడి చివరిదాకా ఎత్తు నుంచే పోయడం. అలా పోస్తే పాలు కాఫీ కిందికి దూసుకుపోతాయి, కాఫీ మీద నురగ బొమ్మ రాదు. కప్పు వంచి, మొదటి సగం నాలుగు వేళ్ల ఎత్తు నుంచి సన్నని ధారగా పోయండి. తర్వాత మూతిని కాఫీకి ఆనేంత దగ్గరికి తెచ్చి ధార పెంచితే తెల్లటి గుండ్రం దానంతటదే పైకి తేలుతుంది. పోసేముందు పిచర్‌ని బల్లమీద ఒకసారి కొట్టి తిప్పుతూ ఉండాలి, లేకపోతే నురగ పైన, పాలు కింద ఆగిపోతాయి.

థర్మామీటర్ ఇప్పుడు ఫ్రిజ్‌లో పాల పక్కన ఉంటోంది. అక్కడ ముల్లు నిదానమైనా ఇబ్బంది లేదు.