మూడు గుడ్లు తిన్నాం సరే, ప్రోటీన్ ఎంత?

తిండి లెక్కలు రాసుకునే యాప్‌లో "ఒక గుడ్డు" అని నొక్కితే చాలాసార్లు పెద్ద గుడ్డు లెక్కే పడుతుంది: పెంకు తీశాక 50 గ్రాములు, అందులో ప్రోటీన్ 6.3, కొవ్వు 4.8. మా వీధి కొట్లో దొరికేవి చిన్నవి. నిన్న ఒకటి ఉడకబెట్టి, పెంకు ఒలిచి తూచాను. 38 గ్రాములే! అంటే ప్రోటీన్ 4.8, కొవ్వు 3.6. మీడియం వీటి మధ్యలో ఉంటుంది: 5.5, 4.2.

రోజుకు మూడు తింటే పెద్దవాటితో ప్రోటీన్ దాదాపు 19 గ్రాములు, చిన్నవాటితో 14 పైచిలుకే. కొవ్వు కూడా 14 నుంచి 11కి దిగుతుంది. కాబట్టి ప్రోటీనే ముఖ్యమనుకునేవాళ్లు చిన్నవి నాలుగు తినాలి, అప్పుడు ప్రోటీన్ మూడు పెద్దవాటితో దాదాపు సమానమవుతుంది. పచ్చి గుడ్డును పెంకుతోనే తూస్తే, బరువులో సుమారు తొమ్మిదో వంతు తీసేసి లెక్కేయండి.