కోరింత దగ్గు: టీకా కడుపుతో ఉన్నప్పుడే మేలా, కాన్పయ్యాకా?

మా చెల్లికి ఏడో నెల. నేను పిల్లల వార్డులో నర్సుని కాబట్టి ఏ డౌటొచ్చినా నాకే ఫోన్. "అక్కా, పీహెచ్‌సీలో టీడీ సూది రెండుసార్లు వేశారు. ఇక్కడ డాక్టరమ్మ టీడాప్ అని మళ్లీ రాసింది. రెండూ ఒకటే కదా?" అంది.

కాదు. టీడీ ధనుర్వాతానికి, డిఫ్తీరియాకి. కోరింత దగ్గుకు కూడా పనిచేసేది టీడాప్. అది ప్రైవేటులో కొనుక్కోవాలి, వెయ్యి రూపాయల పైమాటే. అందుకే "కాన్పయ్యాక నేనూ, అమ్మానాన్నా అందరం వేయించుకుంటే పోలా?" అని బేరం పెట్టింది.

ఆ దారిలో రెండు చిక్కులున్నాయి. టీకా పట్టడానికి రెండు వారాలు కావాలి. మనకు ఇరవై ఒకటో రోజే బారసాల, ఊరంతా ఉయ్యాల దగ్గరే. ఎంతమందికని వేయిస్తాం? పైగా టీకా వేసుకున్నవాళ్లకు జబ్బు రాకపోయినా, గొంతులో క్రిమి ఉండి అంటించే వీలుంది.

పెద్దవాళ్లలో దీన్ని పసిగట్టడమూ కష్టమే. జ్వరం పెద్దగా ఉండదు, "హూప్" అనే కూత చాలామందికి రాదు. తెర వచ్చినప్పుడు వాంతయ్యేదాకా దగ్గుతారు, మధ్యలో మామూలుగా తిరుగుతారు. రెండు మూడు నెలలు అలాగే సాగుతుంది. (రెండు వారాలు దాటిన దగ్గుకు మన దగ్గర ముందు టీబీ పరీక్ష చేయించాలి, అది వేరే మాట.) నెలల పిల్లల్లో ఒక్కోసారి దగ్గే ఉండదు. మా వార్డుకు నలభై రోజుల బాబుని తెచ్చిన తల్లి, "దగ్గలేదమ్మా, పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేశాడు, పెదాలు నీలంగా అయ్యాయి" అంది. ఇంట్లో తాతగారు నెలగా సిరప్పులు తాగుతున్నారట.

బిడ్డకు సొంత టీకా, అంటే పెంటావాలెంట్, ఆరు వారాలకు మొదలు. తర్వాత పదో వారం, పద్నాలుగో వారం. ఒక్క డోసుతో పూర్తి రక్షణ రాదు. ప్రమాదం ఎక్కువ ఉండేదీ ఈ నెలల్లోనే.

ఆ ఖాళీని పూడ్చేది గర్భంలో వేసే టీకానే. 27 నుంచి 36 వారాల మధ్య వేస్తే తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. పుట్టాక తల్లికి వేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే, తల్లి తను అంటించకుండా ఉండటమే లాభం. ఇంగ్లండులో 2012లో ఈ దగ్గుతో 14 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో గర్భిణులకు టీకా మొదలుపెట్టాక చూస్తే, మూడు నెలల లోపు పిల్లల్లో పదింట తొమ్మిది కేసుల్ని అది ఆపుతోందని తేలింది. నూటికి నూరు కాదు, కాబట్టి దగ్గేవాళ్లు బిడ్డకు దూరంగా ఉండాల్సిందే. యాంటీబాడీలు తగ్గిపోతాయి కనుక ప్రతి కాన్పుకీ మళ్లీ వేయించుకోవాలి.

"అయితే సీమంతానికి ముందే వేయించుకుంటా" అంది. 29వ వారంలో వేయించుకుంది. రెండు రోజులు చెయ్యి లాగిందని నన్నే తిట్టింది.