రెండేళ్లు వాడాక: ఫ్యూయల్ కార్డు మైలేజీ రిపోర్టులో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు

నరసాపురంలో మాది సబ్బులు, బిస్కట్ల హోల్‌సేల్. ఆరు పికప్ బండ్లు ఉన్నాయి. ప్రతి నెలా 2వ తేదీకల్లా ఫ్యూయల్ కార్డు లెక్కనీ ట్రిప్ షీట్లనీ కలిపి బండివారీగా ఒక రిపోర్టు వస్తుంది. లీటర్లు, రూపాయలు, కిలోమీటర్లు, చివర్లో మైలేజీ. రెండేళ్లుగా చూస్తున్నాను. డబ్బు లెక్కకి వంక పెట్టేదేమీ లేదు. మైలేజీ గడి దగ్గరే ఒకసారి తప్పులో కాలేశాను.

ఒక జూలై రిపోర్టులో నాలుగో నంబర్ బండి మైలేజీ 11.5 వచ్చింది. అంతకుముందు నెల 14. ఆయిల్ తీసేస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. డ్రైవర్‌ని పిలిచి అడిగాను. నాకంటే పెద్దాయన, బాబాయ్ అంటాను. "ఒకటో తేదీ పొద్దున్నే ట్యాంకు నిండా కొట్టించాను కదండీ, అది ఏ నెల లెక్కలో వేశారు?" అన్నాడు. అప్పటికి ఆ మాట నాకు ఎక్కలేదు. రాత్రి బిల్లులు ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది.

రిపోర్టు చూసేది ఆ నెలలో కొన్న ఆయిల్‌ని. మైలేజీకి కావలసింది ఆ నెలలో కాలిన ఆయిల్. ఈ రెండూ ఒకటి కావు. జూలైలో కార్డు మీద పడింది 204 లీటర్లు. అందులో 1వ తేదీ పొద్దున్నే ఫుల్ చేయించిన 16 లీటర్లు జూన్‌లో కాలినదానికి బదులు. మళ్లీ 31వ తేదీ సాయంత్రం ఫుల్ చేయించాం. ఫుల్ నుంచి ఫుల్ దాకా చూస్తే జూలైలో కాలింది 188 లీటర్లే. రిపోర్టులోని 2,346 కిలోమీటర్లని 188తో భాగించినా 12.5 దగ్గరే ఆగింది. అంటే కిలోమీటర్లలోనూ ఏదో తేడా ఉంది.

మీటర్ రీడింగ్ చూశాను. 1వ తేదీ ఫుల్ చేసినప్పుడు 84,210, 31న 86,842. అంటే 2,632 కిలోమీటర్లు. రిపోర్టు కంటే 286 ఎక్కువ. ఎలా అంటే, ఆ నెల గోదారికి వరద వచ్చి సఖినేటిపల్లి పంటు ఆపేశారు. నాలుగు రోజులు మా బండి పాలకొల్లు మీదుగా చించినాడ బ్రిడ్జి ఎక్కి రాజోలు చుట్టూ తిరిగి వెళ్లింది. పంటు మీద ఏరు దాటితే అయిపోయే దారికి, ఒక్కో వైపు ముప్పై అయిదు కిలోమీటర్ల పైన అదనం. ట్రిప్ షీట్లో మాత్రం ఎప్పుడూ ఉండే రూటు దూరమే పడింది. 2,632ని 188తో భాగిస్తే సరిగ్గా 14. పొద్దున్నే బాబాయ్‌కి టీ ఇప్పించి ఆ కాగితం చూపించాను.

అప్పటి నుంచి నెల మొదటి రోజున అన్ని బండ్లూ లోడు ఎక్కించకముందే ఒకే బంకులో ఫుల్ చేయిస్తాం. ఆ రీడింగ్ డ్రైవర్ ఫోన్‌లో ఫొటో తీసి పంపాలి. బంకులో కార్డు గీకేటప్పుడు మిషన్ అడిగే రీడింగ్‌ని నమ్ముకోలేం, తొందరలో ఏ అంకె నొక్కుతారో తెలీదు. ఒకసారి 84 వేలకి బదులు 48 వేలు పడితే ఆ నెల రిపోర్టులో కిలోమీటర్లు మైనస్‌లో వచ్చాయి. అలాంటిది కంటికి కనపడుతుంది కాబట్టి ఫరవాలేదు. చివరి రెండంకెలు అటూఇటూ అయితేనే దొరకదు. ఫుల్ కూడా ప్రతిసారీ ఒకే గీత దగ్గర ఆగదు, లీటరో రెండో తేడా ఉంటుంది. అందుకే ఒక్క ఫిల్లింగ్ చూసి మైలేజీ తేల్చను, నెల మొత్తం మీదే చూస్తాను.

ఇంకో చిక్కు యానాం రూటు బండిది. దాని మైలేజీ ఎప్పుడూ మిగతావాటి కంటే బాగుండేది. డ్రైవర్‌ని మెచ్చుకున్నాను కూడా. తీరా చూస్తే, యానాం బంకు బిల్లులకి రిపోర్టులో రూపాయలే వచ్చేవి, లీటర్లు రావు. ఆ రూపాయల్ని మన వైపు రేటుతో భాగించి లీటర్లు కట్టేవారు. యానాం పుదుచ్చేరిది, అక్కడ పన్ను తక్కువ, డీజిల్ చవక. లీటరుకి పది రూపాయల తేడా ఉందనుకుంటే, 40 లీటర్లు కొట్టించినా రిపోర్టులో 36కి అటూఇటూగా పడుతుంది. ఇప్పుడు ఆ బిల్లుల్లో లీటర్లు చేత్తో ఎక్కిస్తున్నాం.

ఇవన్నీ సర్దాక రిపోర్టు పనికొచ్చింది. రెండో నంబర్ బండి వరసగా రెండు నెలలు 12.6 చూపించింది. రీడింగ్ ఫొటోలు, బిల్లులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెకానిక్ దగ్గరికి పంపితే వెనక ఎడమ చక్రం బ్రేకు పట్టేసి ఉంది, డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి. బాగు చేయించాక మరుసటి నెల 13.8.

ఈ రిపోర్టు ఇచ్చే కంపెనీ వాళ్లని రెండేళ్లుగా ఒకటే అడుగుతున్నాను, ఫుల్ ట్యాంకు బిల్లుకి పక్కన ఒక టిక్కు పెట్టుకునే గడి ఇవ్వమని. ఇంకా ఇవ్వలేదు. అందాకా ఆ పని ఎర్ర పెన్నుతో నేనే చేసుకుంటున్నాను.