ముందు నిర్వచనం, తర్వాత జాబితా: మూడేళ్లు వాడాక నా సమీక్ష

భూమి కాగితాల గురించి తెలుగులో వ్యాసాలు రాస్తుంటాను. గూగుల్‌లో వెతికినప్పుడు అన్నిటికన్నా పైన ఒక బాక్సులో జవాబు కనిపిస్తుంది కదా, ఆ ఫీచర్డ్ స్నిప్పెట్ కోసం మూడేళ్లుగా ఒకే పద్ధతి వాడుతున్నాను. ప్రశ్నను హెడ్డింగ్‌గా పెట్టి, దాని కిందే చిన్న నిర్వచనం, ఆ తర్వాత జాబితా ఇస్తాను. పద్ధతి పనిచేస్తుంది, కానీ కొన్ని షరతుల మీద.

నేను ఎక్కువగా కుస్తీ పట్టింది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ మీద రాసిన వ్యాసంతో. మొదట్లో అది "సొంత ఇల్లు ప్రతి ఒక్కరి కల" అంటూ మొదలై, ఈసీ అంటే ఏమిటో నాలుగో పేరాలో గానీ చెప్పేది కాదు. మొదటి పేజీలో ఐదారో స్థానంలో ఉన్నా బాక్సు మాత్రం దక్కలేదు. అప్పుడు ఇలా మార్చాను:

```html
<h2>భూమి ఈసీ అంటే ఏమిటి?</h2>
<p>ఈసీ అంటే ఒక భూమి లేదా ఇంటి మీద ఫలానా
కాలంలో జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల వివరాలతో
సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం. ఆ ఆస్తి
ఎవరెవరి చేతులు మారిందో, రిజిస్టరైన తనఖా ఉందో
లేదో ఇందులో తెలుస్తుంది.</p>
```

హెడ్డింగ్‌లో "భూమి" అన్న మాట ఊరికే పెట్టలేదు. ఉత్త "ఈసీ" అని వెతికితే ఎన్నికల సంఘం వార్తలే వస్తాయి. జనం ఏ మాటలతో అడుగుతారో ఆ మాటలే హెడ్డింగ్‌లో ఉండాలి. నిర్వచనం కూడా "ఈసీ అంటే" అనే మొదలవ్వాలి. "ఇది ఒక ముఖ్యమైన పత్రం" అని రాస్తే, ఆ వాక్యాన్ని విడిగా తీసి చూపించినప్పుడు "ఇది" అంటే ఏదో ఎవరికీ అర్థం కాదు.

ఇంగ్లిష్‌లో నిర్వచనం నలభై నుంచి అరవై పదాలు ఉండాలని చెబుతుంటారు. ఆ లెక్క తెలుగుకి కుదరదు. మన విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే సంగతి తక్కువ పదాల్లో అయిపోతుంది. పైన ఉన్నది 28 పదాలే. నా వ్యాసాల్లో ముప్పై దాటినవి చాలాసార్లు వాక్యం మధ్యలోనే తెగి చుక్కలతో కనిపించాయి.

జాబితా దగ్గర నాకు దెబ్బ తగిలింది. "ఈసీ ఎలా చదవాలి" అన్న భాగంలో ఒక్కో మెట్టుకు ఒక `h3` హెడ్డింగ్ పెట్టాను. గూగుల్ ఆ హెడ్డింగులను ఏరి తనే జాబితా కట్టుకుంటుంది. బాక్సు వచ్చింది, సంతోషించాను. తీరా చూస్తే మూడో మెట్టుగా "గమనిక" అని ఉంది! మధ్యలో ఒక హెచ్చరికకు కూడా నేను అదే స్థాయి హెడ్డింగ్ ఇచ్చాను, అదీ మెట్ల వరసలో చేరిపోయింది. అప్పటి నుంచి మెట్లకు తప్ప మరి దేనికీ ఆ స్థాయి వాడను. చిన్న మెట్లయితే `ol` అనే అంకెల జాబితా ట్యాగ్ చాలు. అంకెలు చేత్తో టైప్ చేసి లైన్లు విరిచిన పాత వ్యాసాలు మాత్రం నాకు ఒక్క జాబితా బాక్సూ తెచ్చిపెట్టలేదు.

ఇక షరతులు. మొదటి పేజీలో లేని వ్యాసానికి ఈ అమరిక వల్ల నాకు ఒక్కసారి కూడా బాక్సు రాలేదు. దీన్ని స్నిప్పెట్‌గా తీసుకో అని గూగుల్‌కి చెప్పే ట్యాగ్ ఏదీ లేదు. పైగా 2020 జనవరి నుంచి, బాక్సులోకి వెళ్లిన పేజీ లింకు కింద మొదటి పేజీలో మళ్లీ రాదు. అంటే జవాబు అక్కడే చదివేసి వెళ్లిపోయేవాళ్లు మన దాకా రారు. మన పేజీలు వెతుకులాటలో ఎలా కనిపిస్తున్నాయో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్‌లో స్నిప్పెట్లకు విడిగా లెక్క ఉండదు. సగటు స్థానం ఒకటికి దగ్గరై, ఇంప్రెషన్లు పెరిగి, క్లిక్కులు మాత్రం పెరగకపోతే బాక్సు వచ్చిందేమోనని అనుమానించి, ఇన్‌కాగ్నిటో విండోలో వెతికి చూసుకుంటాను. ఈసీ నిర్వచనం విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. మెట్ల జాబితా మాత్రం పొడవుగా ఉండి సగంలో ఆగడంతో, మిగతాది చదవడానికి జనం లోపలికి వచ్చారు.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది ఇంకొకటి. ఒక పాఠకుడు ఫోన్ చేసి, "ఈసీలో ఏమీ లేదండీ, ఇక బయానా ఇచ్చేయొచ్చు కదా?" అన్నారు. ఆయన చదివింది బాక్సులోని రెండు వాక్యాలే. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనిపించవని నేను వ్యాసం లోపల రాశాను, ఆయన అంతవరకూ రాలేదు. ఆ రోజే రెండో వాక్యం తీసేసి "రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు ఇందులో కనిపించవు" అని పెట్టాను. మూడు వారాలు బాక్సు పోయింది. పాత వాక్యం తిరిగి పెట్టమని తోటివాళ్లు చెప్పినా నేను ఒప్పుకోలేదు. నాలుగో వారంలో కొత్త వాక్యంతోనే తిరిగి వచ్చింది.