జీఆర్‌ఈ స్కోర్లు మేమే పంపుతాం అనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త (విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు తప్పక చదవండి)

మన విజయనగరంలో ఒక కన్సల్టెన్సీలో మా చెల్లికి జరిగింది చెప్తున్నా, పేరు రాయట్లేదు గానీ ఇలాంటి ప్యాకేజీలు శ్రీకాకుళంలో కూడా అమ్ముతున్నారంట. "స్కోర్ రిపోర్టులు, ట్రాన్స్‌క్రిప్టులు అన్నీ మేమే పంపిస్తాం, మీరేటీ చూసుకోక్కర్లేదు" అని డబ్బులు ముందే కట్టించుకున్నారు.

మొదటి దెబ్బ ఎగ్జామ్ రోజే. జీఆర్‌ఈ అయిపోయాక స్క్రీన్ మీద స్కోరు చూపించి నాలుగు యూనివర్సిటీల వరకు ఫ్రీగా పంపుకోమని అడుగుతుంది, ఆ ఛాన్సు అప్పుడే, బయటికొచ్చాక ఉండదు. వీళ్ళేమో చెల్లిని "అక్కడ ఏదీ సెలెక్ట్ చెయ్యకమ్మా, తర్వాత మేం చూసుకుంటాం" అని ముందే చెప్పి పంపారు. తర్వాత పంపాలంటే ఒక్కో యూనివర్సిటీకి మేం కట్టినప్పుడు 35 డాలర్లు, అంటే నాలుగింటికి 140 డాలర్లు ఊరికే పోయాయి, దాని మీద వీళ్ళ సర్వీస్ చార్జీ వేరే.

జీఆర్‌ఈ పెట్టే ఈటీఎస్ సంస్థలో చెల్లి అకౌంట్ కూడా వాళ్ళ ఆఫీసు మెయిల్‌తోనే తెరిచారు, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే. ఎప్పుడడిగినా "పంపేశాం మేడమ్, వాళ్ళ సైడ్ లేటు" అనే మాటే. డెడ్‌లైన్ దగ్గరకొచ్చేసినా యూనివర్సిటీ పోర్టల్లో టెస్ట్ స్కోర్ పక్కన `Awaiting` అనే ఉంది. మావాడొకడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్ అడుగు, అందులో ఇన్‌స్టిట్యూషన్ కోడ్ చూడు" అన్నాడు. గొడవపడి తెప్పించుకుని చూస్తే కోడ్ 6013 అని ఉంది. అది టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌ది, చెల్లి అప్లై చేసింది డల్లాస్‌కి, దాని కోడ్ 6897. లిస్టులో పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా, చూడకుండా నొక్కేశారు. ఒకసారి ఆర్డర్ వెళ్ళాక క్యాన్సిల్ లేదు, మార్చడం లేదు, మళ్ళీ 35 డాలర్లు మేమే కట్టాం.

అయినా `Awaiting` పోలేదు! ఈసారి కారణం వేరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ కాలమ్‌లో పూర్తిగా ఉంది, జీఆర్‌ఈ కూడా అలాగే రాసింది, కానీ అప్లికేషన్ నింపింది కన్సల్టెన్సీ వాళ్ళు కదా, టెన్త్ మెమోలో ఉన్నట్టు ఇంటిపేరు ఒక్క అక్షరం చేసి పేరు ముందు పెట్టేశారు. స్కోరు వెళ్ళింది గానీ ఏ అప్లికేషన్‌దో తెలీక అక్కడే పడుంది. దీనికి మళ్ళీ డబ్బులు కట్టక్కర్లేదు, అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టాలి: అప్లికేషన్ ఐడీ, జీఆర్‌ఈలో పేరు ఎలా ఉందో అలా, పుట్టిన తేదీ, ఎగ్జామ్ తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, కూడా పాస్‌పోర్ట్ కాపీ. పెట్టాక కలిపేశారు. స్కోరు అవతల చేరడానికే వారం పైన పట్టొచ్చు కాబట్టి డెడ్‌లైన్ వారంలో ఆర్డర్ పెడితే ఇలాంటివి సరిచేసుకోడానికి టైమే ఉండదు.

ట్రాన్స్‌క్రిప్టుల కథ ఇంకా ఘోరం. చెల్లిది పాత బ్యాచ్, జేఎన్‌టీయూ కాకినాడ కింద చదివింది, అందుకని నాన్నే సామర్లకోటలో ట్రైన్ దిగి కాకినాడ వెళ్ళి సీల్డ్ కవర్లు తెచ్చారు. కవరు వెనక అతికించిన చోట అడ్డంగా సంతకం, స్టాంపు ఉంటాయి, అవి చెదిరితే ఆ కవరుకి విలువ లేదు. కన్సల్టెన్సీ పిల్లోడు స్కాన్ తీసుకుందామని ఒకటి చింపి మళ్ళీ సెల్లోటేప్ అతికించాడు, సగం స్టాంపు ఒక పక్క, సగం ఇంకో పక్క! ఒక ఎక్స్‌ట్రా సెట్ తీసుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మళ్ళీ కాకినాడే. మీరు చూసుకోడానికి, అప్‌లోడ్ కోసం విడిగా ఒక కాపీ తీసుకోండి, సీల్డ్ వాటిని ముట్టుకోవద్దు. కొరియర్ చేస్తే కవరు మీద అప్లికేషన్ ఐడీ రాయించి ట్రాకింగ్ నంబరు మీ ఫోన్‌కే తెప్పించుకోండి. డెలివర్డ్ అని చూపించినా పోర్టల్లో ఎక్కకపోతే ఆ నంబరు, ఎవరు తీసుకున్నారో ఆ పేరు పెట్టి మెయిల్ చెయ్యండి, వాళ్ళు వెతికేది దాన్ని పట్టుకునే.

ఇంకో సంగతి, చాలా అమెరికా యూనివర్సిటీలు అప్లై చేసేటప్పుడు మార్క్స్ మెమోల స్కాన్‌తోనే చూస్తాయి, సీల్డ్ ఒరిజినల్ సీటొచ్చాకే అడుగుతాయి. మా దగ్గర అప్లై చేసిన ప్రతి యూనివర్సిటీకీ కొరియర్ చార్జీ గుంజారు. ముందు ఆ డిపార్ట్‌మెంట్ పేజీలో చదివి చూడండి.

రిఫండ్ అడిగితే సర్వీస్ చార్జీ వెనక్కి ఇవ్వరంట. ఇప్పటికే లాగిన్ ఇచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈరోజే ఈటీఎస్ అకౌంట్లో మెయిల్, పాస్‌వర్డ్ మీవి పెట్టుకుని, లోపల ఆర్డర్ హిస్టరీలో ఏ కోడ్‌కి వెళ్ళిందో చూడండి.