మొక్కు తీర్చుకున్న నాటి ఫొటోకు రంగులు: పదహారు నెలలు వాడిన తరువాత

పాత నలుపు తెలుపు ఫొటోలను బాగుచేసి, రంగులద్ది, ఆపైన బొమ్మ గీసినట్టుగా మార్చే యాప్ ఒకటి పదహారు నెలలుగా వాడుతున్నాను. ఇటువంటి యాప్‌లు ఏమేమి చేస్తాయో చదివేవారికి తెలిసే ఉంటుంది కనుక ఆ జాబితా ఇవ్వడం లేదు. నన్ను దీనికి కట్టిపడేసిన సదుపాయం ఒక్కటే. యాప్ తనంతట తాను వేసిన రంగు తప్పయినప్పుడు, ఆ చోట మనం సరైన రంగుతో ఒక చుక్క పెడితే ఆ రంగు ఆ వస్తువు అంచుల వరకు తానే పరుచుకుంటుంది. ఆ చుక్క విలువ నాకు మా ఇంటి ఫొటో ఒకటి చెడిపోయిన తరువాతే తెలిసింది.

అది 1964లో మా అమ్మకు పుట్టువెంట్రుకలు తీయించి కొండ దిగి వచ్చిన రోజు, తిరుపతిలోని ఒక స్టూడియోలో తీయించిన ఫొటో. అవ్వ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఆమె ఒడిలో రెండేళ్ల మా అమ్మ గుండుతో, గుండంతా పూసిన గంధంతో ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఆ ఫొటో ఏళ్ల తరబడి పూజగదిలో ఉండటం వల్ల, అద్దం పగిలిన మూలలో పసుపు, కుంకుమ నేరుగా కాగితానికి అంటుకున్నాయి. యాప్ కొత్తలో నేను దానిని స్కాన్ చేసి, బాగుచేయడం, రంగులద్దడం, బొమ్మగా మార్చడం మూడూ ఒకే మీటతో కానిచ్చి, చూడటానికి ముచ్చటగా ఉందని చిత్తూరులో ఉన్న పెద్దమ్మకు పంపాను. అరగంటలో ఆమె ఫోన్ చేసి, "ఏం నాయనా, మీ అమ్మకు టోపీ ఎవరు పెట్టినారు? మా అమ్మ ముక్కుపుడకలు యాడికి పోయినాయి?" అని అడిగింది.

ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడానికి మూడు పనులనూ విడదీసి, ఒక్కొక్కటి విడివిడిగా చేసి చూశాను. అవ్వకు రెండు వైపులా ఉన్న రాళ్ల ముక్కుపుడకలు స్కాన్‌లో నాలుగైదు పిక్సెళ్ల తెల్లని మెరుపులు మాత్రమే. దుమ్ము చుక్కలు కూడా అచ్చం అలాగే ఉంటాయి కనుక, మచ్చలు తుడిచే అంచె వాటిని దుమ్ముగానే ఎంచి తుడిచేసింది. తరువాత ముఖాన్ని స్పష్టం చేసే అంచె, ముక్కుపుడక లేని నున్నటి ముక్కునొకదానిని తన ఊహతో కల్పించింది. గుండు సంగతి వేరు. ఆరిన గంధం నలుపు తెలుపులో దాదాపు తెల్లగా పడుతుంది, నుదుటి మీద దాని అంచు గీత గీసినట్టు ఉంటుంది. రంగులద్దే అంచె దానిని తెల్లని బట్టగా భావించి చర్మఛాయ వేయకుండా వదిలేసింది. అంతవరకు అది ఏదో పాలిపోయిన తలలా మాత్రమే కనిపించింది. చివరగా బొమ్మగా మార్చే అంచె ఆ అంచు చుట్టూ నల్లని గీత గీసి, కుట్టు కూడా చూపించి, నిజంగానే టోపీని చేసింది. ముందు అంచెలో అనుమానంగా ఉన్న తప్పు బొమ్మ దగ్గరకు వచ్చేసరికి ఖాయమైపోతుందని, అందుకే రంగులు సరిచూడనిదే బొమ్మ జోలికి పోకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

రెండోసారి స్కాన్ నుండే మొదలుపెట్టాను. మొదట 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున తీసినప్పుడు అమ్మ ముఖం అడ్డంగా మూడు వందల పిక్సెళ్లకు మించలేదు. అంత చిన్న ముఖాన్ని స్పష్టం చేయమంటే ఇటువంటి యాప్ లేని వివరాన్ని కల్పించే అవకాశం ఎక్కువ. ఈసారి 1200లో, నలుపు తెలుపు ఫొటోయే అయినా రంగుల స్కాన్‌గా తీశాను. దీనికి కారణం ఉంది. రంగుల స్కాన్‌ను ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడదీసి ఎరుపు పొరను మాత్రమే చూస్తే, కుంకుమ మరక చుట్టూ ఉన్న కాగితమంత తెల్లగా మారి దాదాపు మాయమవుతుంది, పసుపు మరక కూడా అంతే. నీలం పొరలో అవే మరకలు నల్లగా కనిపిస్తాయి. ఆ మూలను శుభ్రం చేయడానికి నేను గంటలు వెచ్చించవలసి వస్తుందనుకున్నాను, తీరా చూస్తే జింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పొరలు విడదీసిన నిమిషంలో పని అయిపోయింది. అయితే మరక అవ్వ చీర ముదురు మడతల మీద పడిన చోట ఈ ఉపాయం పారలేదు. అక్కడ మరక చుట్టుపక్కల కంటే లేతగా తేలింది, దానిని చేత్తోనే సరిచేయవలసి వచ్చింది. మచ్చలు తుడవడం కూడా ముఖాల దగ్గర ఆపివేసి, గీతలను ఒక్కొక్కటిగా నేనే చెరిపాను. ముఖాన్ని స్పష్టం చేసే స్లైడర్‌ను పూర్తిగా సున్నాకు దించాను.

ఇక రంగులు. రంగులద్దే పద్ధతి ఫొటోలోని వెలుగునీడలను అలాగే ఉంచి, వాటి మీద ఏ రంగు ఉండి ఉంటుందో ఊహిస్తుంది. చీర ఏ రంగుదో బూడిద ఛాయను బట్టి చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం, కాఫీ రంగు మూడూ ఒకే బూడిద రంగుగా పడవచ్చు. ఎటూ తేల్చుకోలేని చోట ఇది మధ్యస్థంగా ఒక మట్టిరంగు పులుముతుంది. పెద్దమ్మకు అప్పుడు పదేళ్లు. "ఆ చీర చిలకపచ్చ, అంచు మిరపపండు ఎరుపు, పాపకు గంధం దట్టంగా పూసినారు" అని ఆమె చెబుతుంటే నేను చీర మీద ఒకటి, అంచు మీద రెండు, గుండు మీద లేత పసుపుతో ఒకటి చుక్కలు పెట్టాను. చెవి వెనుక గంధం అంటని చోట చర్మఛాయతో మరో చుక్క పెట్టగానే టోపీ పోయి గంధం పూసిన గుండు కనిపించింది. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. బొట్టు ఒక్కటే మొండికేసింది. ఫొటోలో అది దాదాపు నల్లగా ఉన్నందువల్ల ఎర్రని చుక్క పెట్టినా నల్లటి ఎరుపే వచ్చింది. చుక్క రంగును మారుస్తుందే తప్ప వెలుగును పెంచదు. ముందు ఆ కాస్త చోటును లేతగా చేసి, తరువాత చుక్క పెడితే కుంకుమ కుదిరింది.

బొమ్మగా మార్చడానికి, శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసే నల్లని బాహ్యరేఖలను పోలిన శైలిని ఎంచుకున్నాను. శైలి బలాన్ని 0.6కు పెడితే అవ్వ వేరే మనిషి అయిపోయింది, 0.35 దగ్గర ఆమె ఆమెలాగే ఉంది. ఇక్కడ అనుకోని మేలు ఒకటి జరిగింది. చీర అంచు దాటి చేతి మీదికి పాకిన ఆకుపచ్చను, ముఖంలోని మసకను గీతలు చక్కగా కప్పేశాయి. ముఖాన్ని అతిగా స్పష్టం చేయవలసిన అవసరమే లేదని అప్పుడు తెలిసింది. అయినా యాప్ బొమ్మ గీసే ముందు ఫొటోను లోలోపల చిన్నది చేస్తుంది కనుక ముక్కుపుడకలు మళ్లీ కరిగిపోయాయి. అవ్వ ముఖం వరకు కత్తిరించి, విడిగా బొమ్మ చేసి తిరిగి అతికించినా ఒకటే తేలింది, రెండోది నేను గీశాను.

ఒక్క మీటతో అన్నీ అయిపోతాయని మొదట్లో బంధువులకు చెప్పిన మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క ఫొటోకు నాకు రెండు ఆదివారాలు పట్టింది. సమయం ఉండి, ఇంట్లో రంగులు గుర్తున్న మనిషి ఉంటే మాత్రం ఆ చుక్క కోసం ఈ యాప్ కొనవచ్చు. రోజుకు పది ఫొటోలు చేసి ఇవ్వవలసిన స్టూడియో వారికి ఇది సరిపడుతుందో లేదో నేను చెప్పలేను. తాత పక్క బంధువుల పెళ్లి ఫొటో కూడా నా దగ్గర ఉంది. అందులోని చీరల రంగులు చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు కనుక, దాని గీతలు చెరిపి నలుపు తెలుపులోనే ఉంచాను.