నాలుగు వేలా, ఆరు వేలా, పన్నెండు వేలా? డిస్కౌంటు స్లాబుల్లో ఏది మేలు

గుంటూరులో మా వదిన ఇంటి వెనక షెడ్డులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. మామిడికాయ, గోంగూర, పండుమిరప. కాయ సీజను ఎప్పుడైనా సరే, ఉప్పులో వేసిన ముక్క డ్రమ్ముల్లో ఉంటుంది కాబట్టి ప్యాకింగు ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. నెలకు రెండు వేల అరకిలో జార్లు కావాలి, అంటే ఏడాదికి 24,000. ఈ మధ్య జార్ల డీలరు కొత్త రేట్లు చెప్పాడు. ఆరు వేల లోపు తీసుకుంటే జారు 12 రూపాయలు. ఆరు వేలు, ఆపైన తీసుకుంటే 11.80. పన్నెండు వేలు, ఆపైన అయితే 11.60.

"పన్నెండు వేలు దింపుకోండమ్మా, జారుకు నలభై పైసలు మిగులుతాయి" అని అతని మాట. ఏడాదికి లెక్కేస్తే 9,600 రూపాయలు. వదిన దాదాపు సరేనంది. ఒక్కరోజు ఆగమని నేనే అడిగాను.

ఇలాంటి చోట చూడాల్సింది జారు రేటు కాదు, జార్ల మీద ఏడాదికి మన చేతి నుంచి మొత్తం ఎంత పోతుందన్నది. అందులో మూడు ఖర్చులు కలుస్తాయి. ఒకటి, జార్ల ధర. రెండు, ఆర్డరు పెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చు. వదినకు ట్రాలీ ఆటో కిరాయి 600, హమాలీకి 250, ఫోన్లూ లెక్క చూసుకోవడమూ కలిపి ఇంకో 150, మొత్తం వెయ్యి. మూడు, సరుకు మన దగ్గర పడి ఉన్నందుకు అయ్యే ఖర్చు. ఈ మూడోది ఎక్కడా బిల్లు రూపంలో రాదు. అందుకే అందరూ దాన్ని మరిచిపోతారు.

దాన్ని ఇలా లెక్క కట్టాం. జార్లు కొనే డబ్బు బ్యాంకు సీసీ ఖాతాలోంచి వస్తుంది, దాని వడ్డీ ఏడాదికి నూటికి 12. జార్లు బరువు లేకపోయినా చోటు తింటాయి. పన్నెండు వేల జార్లు పది అడుగుల గదిలో సగం ఆక్రమిస్తాయి. ఆ చోటు అద్దె నూటికి 7 అనుకున్నాం. అడుగు బస్తాల్లో చొట్టలు పడేవి, మూత సరిగా బిగియనివి, దుమ్ము పట్టి మళ్ళీ కడగాల్సి వచ్చేవి నూటికి 6. మొత్తం 25. అంటే గదిలో ఉన్న ప్రతి వంద రూపాయల సరుకు మీదా ఏడాదికి పాతిక రూపాయలు పోతున్నాయి. మన వైపు లెక్కలో చెప్పాలంటే రెండు రూపాయల వడ్డీ కంటే కాస్త ఎక్కువే.

డిస్కౌంటు సంగతి పక్కన పెట్టి, ఒక్కో ధరకు ఒక్కసారి ఎన్ని తెచ్చుకుంటే మేలో చెప్పే సూత్రం 1913 నుంచీ ఉంది. అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ రాసింది.

```
Q = √( 2 × D × S ÷ (i × P) )
```

D అంటే ఏడాది వాడకం, S అంటే ఒక్క ఆర్డరు ఖర్చు, i అంటే నిల్వ ఖర్చు శాతం, P అంటే ధర. 12 రూపాయల దగ్గర ఒక జారును ఏడాది పాటు ఉంచుకుంటే 3 రూపాయలు. 2 × 24,000 × 1,000 ను 3తో భాగిస్తే కోటీ అరవై లక్షలు, దాని వర్గమూలం 4,000. అంటే రెండు నెలలకోసారి నాలుగు వేలు.

ఇదే లెక్క 11.80 కి వేస్తే 4,034 వస్తుంది, 11.60 కి వేస్తే 4,068. చాలామంది కాలు జారేది సరిగ్గా ఇక్కడే. 4,068 జార్లు అడిగితే 11.60 రేటు ఎవరిస్తారు? ఆ రేటు పన్నెండు వేల దగ్గర కదా మొదలయ్యేది. కాబట్టి సూత్రం ఇచ్చిన సంఖ్య ఆ స్లాబులో ఇమడకపోతే, ఆ స్లాబు మొదలయ్యే అంకెనే తీసుకోవాలి. అంతకు మించి వెళ్ళనక్కర్లేదు. సూత్రం చెప్పిన అంకె దాటాక, అదే ధర మీద ఎంత ఎక్కువ తెస్తే ఖర్చు అంత పెరుగుతుంది. అందువల్ల 11.80 రేటుకు ఆరు వేలు, 11.60 రేటుకు పన్నెండు వేలు. ఏడెనిమిది వేల ఊసే అక్కర్లేదు. చివరికి తూకం వేయాల్సినవి మూడే మిగిలాయి.

నిల్వ లెక్కలో సగం వేసుకోవడం గుర్తుంచుకోవాలి. లాటు దిగిన రోజు గది నిండుగా ఉంటుంది, తర్వాతి లాటు వచ్చే నాటికి ఖాళీ అవుతుంది. సగటున గదిలో ఉండేది లాటులో సగం. పన్నెండు వేలు తెస్తే సగటున ఆరు వేలు. ఒక్కో జారుకు 11.60 లో పాతిక శాతం, అంటే 2.90 చొప్పున 17,400 రూపాయలు.

| ఏడాది ఖర్చు (రూ.) | 4,000 లాటు, 12.00 | 6,000 లాటు, 11.80 | 12,000 లాటు, 11.60 |
|---|---|---|---|
| జార్ల ధర | 2,88,000 | 2,83,200 | 2,78,400 |
| ఆర్డర్ల ఖర్చు | 6,000 | 4,000 | 2,000 |
| నిల్వ ఖర్చు | 6,000 | 8,850 | 17,400 |
| మొత్తం | 3,00,000 | 2,96,050 | 2,97,800 |

ఆరు వేల లాటు గెలిచింది. డీలరు చెప్పిన 9,600 మిగులు అబద్ధం కాదు. ధర వరసలో అది కనిపిస్తూనే ఉంది. కానీ ఆరు వేల నుంచి పన్నెండు వేలకు వెళ్తే కొత్తగా మిగిలేది ధరలో 4,800, ఆర్డర్లలో 2,000. నిల్వలో అదనంగా పోయేది 8,550. అంటే 1,750 నష్టం.

అలాగని సూత్రం చెప్పిన నాలుగు వేలకే అతుక్కుపోవడమూ తప్పే. ఆర్డరు ఖర్చూ నిల్వ ఖర్చూ మాత్రమే కూడితే మూడు పద్ధతులకూ వరసగా 12,000, 12,850, 19,400 వస్తాయి. అప్పుడు నాలుగు వేలదే పైచేయిలా కనిపిస్తుంది. ధర మారనంత కాలం ఆ కూడిక చాలు. స్లాబులు వచ్చాక సరుకు ధరను కూడా కలపకపోతే లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ అలా చేసుంటే 3,950 రూపాయలు వదులుకున్నట్టే.

ఇప్పుడు ఈ మొత్తం తీర్పు దేని మీద నిలబడి ఉందో చూడాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇదే. నిల్వ ఖర్చు 25 శాతం అన్నది మేం వేసుకున్న అంచనా. అది ఎంతకు పడితే తీర్పు మారుతుంది? ఆరు వేల మొత్తమూ పన్నెండు వేల మొత్తమూ సమానం అయ్యేది దాదాపు 20 శాతం దగ్గర. దానికంటే తక్కువైతే డీలరు మాటే నిజం. వదిన మొదట బ్యాంకు వడ్డీ 12 మాత్రమే లెక్కేసింది. ఆ లెక్కన ఆరు వేల లాటుకు 2,91,448, పన్నెండు వేల లాటుకు 2,88,752 వస్తుంది. పన్నెండు వేలు గెలిచినట్టే. అద్దె, చొట్టలు కలపగానే తిరగబడింది. ఊళ్ళో సొంత గోడౌను ఖాళీగా పడి ఉన్నవాళ్ళకు, సరుకు పాడవనివాళ్ళకు పెద్ద లాటే మేలు కావచ్చు. అటు వైపు చూస్తే, ఐదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి తిప్పేవాళ్ళకు నిల్వ ఖర్చు 60 శాతం దాటుతుంది. ఈ రేట్ల మీద దాదాపు 50 శాతం దాటితే ఆరు వేలు కూడా మేలు కాదు. పాత 12 రూపాయల ధరకే చిన్న లాట్లు తెచ్చుకోవడం నయం. ఒకే రేట్ల కాగితం మీద ముగ్గురికీ మూడు జవాబులు.

గదిలో కొలత వేస్తుంటే ఇంకొకటి బయటపడింది. ఆర్డరు ఖర్చు వెయ్యి అన్నాం, ఎన్ని తెచ్చినా అంతేనన్నట్టు. ట్రాలీ ఆటోలో తాళ్ళు కట్టి ఎత్తుగా పేర్చినా ఆరు వేల జార్లకే నిండిపోతుంది. పన్నెండు వేలు దింపాలంటే రెండు ట్రిప్పులు, రెండుసార్లు హమాలీ. అంటే వెయ్యి కాదు, 1,850. ఏడాదికి రెండు ఆర్డర్లు కాబట్టి 1,700 అదనం. పన్నెండు వేల మొత్తం 2,99,500 కు పాకుతుంది. తీర్పు మారే శాతం కూడా 20 నుంచి 15 కు దిగుతుంది. బండి సామర్థ్యాన్ని లెక్కలో కలపకుండా పెద్ద లాటుకు ఒప్పుకున్నామంటే ఆ సంగతి సరుకు దిగే రోజే తెలుస్తుంది.

డీలర్ని ముందే అడగాల్సిన మాట ఒకటుంది. స్లాబు దాటితే తక్కువ ధర మొత్తం లాటుకా, లేక దాటిన జార్లకు మాత్రమేనా? పై పట్టిక అంతా మొత్తం లాటుకు అనుకుని వేసింది. దాటినవాటికే అయితే పన్నెండు వేల లాటులో మొదటి ఆరు వేలకు 12, తర్వాతి ఆరు వేలకు 11.80 పడుతుంది. సగటున 11.90. ఏడాది మొత్తం 3,05,450 అవుతుంది. డిస్కౌంటు వద్దనుకుని నాలుగు వేల చొప్పున కొన్నదాని కంటే ఎక్కువ! ఆ పద్ధతిలో ఈ రేట్ల మీద నాలుగు వేలే మేలు. రేట్ల కాగితం చూస్తే రెండు పద్ధతులూ ఒకేలా ఉంటాయి, అడిగితే తప్ప తెలియదు. జీఎస్టీ క్రెడిట్ వచ్చేవాళ్ళు పన్ను తీసేసి ధర పోల్చుకోవాలి. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్ళకు ఆ క్రెడిట్ రాదు కాబట్టి పన్నుతో కలిపి వేసుకోవాలి.

పట్టిక చూపిస్తే వదిన చాలాసేపు నిల్వ ఖర్చు వరసనే చూసింది. "పదిహేడు వేలు ఎక్కడ పోతాయి, మనం ఎవరికీ కట్టం కదా" అంది. మర్నాడు గదిలో పాత జార్ల బస్తా విప్పి పైనుంచి యాభై తీశాం. మూడింటి మూత బిగియలేదు. ఇక అడగలేదు.

సాయంత్రం డీలరుకు తనే ఫోను చేసింది. ఆరు నెలల్లో పన్నెండు వేలు తప్పకుండా తీసుకుంటానంది, కానీ మూడు నెలలకోసారి ఆరు వేల చొప్పునే పంపాలంది, రేటు మాత్రం 11.60 కావాలంది. అతను 11.70 కు దిగాడు. ధర 2,80,800, ఆర్డర్లు 4,000, నిల్వ 8,775. మొత్తం 2,93,575, అంటే గెలిచిన లాటు కంటే ఇంకో 2,475 తక్కువ. మొదటి ఆరు వేలు వచ్చే వారం దిగుతాయి.